‘ఓ’ అనాలా, ‘సోనో’ అనాలా?

టొరీనో నగరంలో చదువుకుంటున్న ఒక తెలుగమ్మాయిని ఊహించుకోండి. ఇటాలియన్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదయింది. ముందురోజు సాయంత్రం విందు మధ్యలోనే లేచి వెళ్ళిపోయినందుకు, స్థానిక స్నేహితురాలికి ఫోన్లో సంజాయిషీ రాసింది. అందులో రెండే వాక్యాలు. మొదటిది ‘ఓ దొవూతో తొర్నారే ఆ కాజా’, అంటే ‘ఇంటికి తిరిగి వెళ్ళాల్సి వచ్చింది’. రెండోది ‘మి ఓ దొవూతో అల్త్సారే ఆల్లే చింక్వే’. పొద్దున అయిదింటికే లేవాల్సి వచ్చిందని చెప్పడం ఆమె ఉద్దేశం.

స్నేహితురాలు మొదటి వాక్యం జోలికి పోలేదు. రెండోదాన్ని మాత్రం సరిదిద్ది పంపింది: ‘మి సోనో దొవూతా అల్త్సారే’. అమ్మాయి పాఠ్యపుస్తకం తీసి చూసింది. పుస్తకం ప్రకారం రెండు చోట్లా ‘సోనో’ రావాలి. అంటే రెండూ తప్పే. మరి ఒకటి చెవికి తగలకుండా ఎలా జారిపోయింది? ఇంకొకటి వెంటనే ఎందుకు దొరికిపోయింది?

ఇటాలియన్ నేర్చుకునేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు దగ్గరికి వచ్చి ఆగుతారు. పుస్తకంలో ఒక్క వాక్యంగా కనిపించే నియమం వెనక ఒక చక్కని ప్రశ్న ఉంది. వాక్యంలో ఉన్నది ఒక క్రియా, రెండు క్రియలా?

ముందు సరంజామా చూద్దాం. జరిగిపోయిన పని చెప్పాలంటే ఇటాలియన్‌కు ఒక సహాయక క్రియ, దాని పక్కన ముఖ్య క్రియ భూతరూపం కావాలి. సహాయక క్రియలు రెండున్నాయి. ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న అవేరే ఒకటి, ‘ఉండు’ అనే అర్థమున్న ఎస్సెరే ఇంకొకటి. ‘నేను’తో చెప్పేటప్పుడు అవేరే ‘ఓ’ అవుతుంది, ఎస్సెరే ‘సోనో’ అవుతుంది. ‘తిన్నాను’ అనడానికి ‘ఓ మంజాతో’. ‘వెళ్ళాను’ అనడానికి మగవాడైతే ‘సోనో అందాతో’, ఆడమనిషి అయితే ‘సోనో అందాతా’.

చివరి అక్షరం మారిందని గమనించారా? ఎస్సెరే వచ్చిన చోట భూతరూపం కర్తను చూసి తన చివర మార్చుకుంటుంది. ఒక మగవాడికి ‘తో’, ఒక ఆడమనిషికి ‘తా’, మగవాళ్ళకూ కలగలుపు గుంపుకూ ‘తి’, అందరూ ఆడవాళ్ళే అయితే ‘తే’. అవేరే వచ్చిన చోట కర్త ఎవరైనా మామూలుగా ‘తో’ అలాగే ఉండిపోతుంది. తిన్నది అమ్మాయి అయినా అబ్బాయి అయినా ‘ఓ మంజాతో’యే.

ఏ క్రియకు ఏ సహాయకం అన్నది చాలావరకు ఇలా ఉంటుంది. తినడం, కొనడం, చదవడం లాంటి సకర్మక క్రియలన్నీ అవేరే పక్షం. వెళ్ళడం, రావడం, బయలుదేరడం, చేరుకోవడం, తిరిగి రావడం, ఉండిపోవడం, పుట్టడం, చనిపోవడం, అంటే కర్త ఉన్న చోటో ఉన్న స్థితో మారిపోయే అకర్మక క్రియలు చాలావరకు ఎస్సెరే పక్షం. తన మీద తానే చేసుకునే పనులు, అంటే లేవడం, కడుక్కోవడం, దుస్తులు వేసుకోవడం వంటివి కూడా ఎస్సెరే వైపే. ఇటాలియన్‌లో లేవడమంటే ‘తనను తాను లేపుకోవడం’. అందుకే దాని ముందు ‘మి’ (నన్ను), ‘తి’ (నిన్ను), ‘సి’ (తనను) అనే చిన్న సర్వనామం ఉంటుంది. కదలిక ఉన్నంత మాత్రాన ఎస్సెరే అనుకుంటే మాత్రం దెబ్బతింటాం. నడవడం, నిద్రపోవడం, పనిచెయ్యడం అవేరేనే తీసుకుంటాయి.

ఇంతవరకూ కంఠస్థం చేస్తే సరిపోతుంది. చిక్కంతా మూడు క్రియలతో మొదలవుతుంది. ‘గలగడం’ చెప్పే పొతేరే, ‘ఆల్సి ఉండటం’ చెప్పే దొవేరే, ‘కోరడం’ చెప్పే వొలేరే. ఇటాలియన్ వ్యాకర్తలు వీటిని ‘సెర్విలి’, అంటే ఊడిగం చేసే క్రియలు అంటారు. ఇవి సాధారణంగా ఇంకో క్రియను వెంటబెట్టుకుని దానికి సేవ చేస్తాయి కాబట్టి ఆ పేరు.

ఒంటరిగా చూస్తే ఈ మూడూ అవేరే పక్షమే. కానీ ‘వెళ్ళాల్సి వచ్చింది’ అన్నప్పుడు వాక్యంలో రెండు క్రియలున్నాయి. ఒకటి దొవేరే, రెండోది అందారే. దొవేరే అవేరేను అడుగుతుంది, అందారే ఎస్సెరేను అడుగుతుంది. ఎవరి మాట చెల్లాలి?

బడి పుస్తకాలు సేవకుడికి సొంత మాట లేదంటాయి. యజమాని ఏ సహాయకం తీసుకుంటే సేవకుడూ అదే తీసుకోవాలి. తినడానికి అవేరే కాబట్టి ‘ఓ దొవూతో మంజారే’. వెళ్ళడానికి ఎస్సెరే కాబట్టి అమ్మాయి చెప్తే ‘సోనో దొవూతా అందారే’. నియమం సులువుగా ఉంది, పరీక్షలోనూ మార్కులు తెచ్చిపెడుతుంది.

అయితే ఇటాలియన్లు మాట్లాడుకుంటుంటే ‘ఓ దొవూతో అందారే’ అన్నది నిత్యం వినిపిస్తుంది. చదువుకున్నవాళ్ళే అలా అంటారు, రాస్తారు కూడా. ఫ్లోరెన్సులో పదహారో శతాబ్దంలో మొదలై, 1612లో తొలి నిఘంటువు వెలువరించిన అకాదేమియా దెల్లా క్రూస్కా అనే భాషాసంస్థ ఈనాటికీ ప్రజల భాషాసందేహాలకు జవాబులిస్తుంది. ఈ విషయంలో దాని మాట ఏమిటంటే, ముఖ్య క్రియ ఎస్సెరే పక్షమైనప్పుడు రెండు రూపాలూ ఒప్పే. ఎస్సెరే అంటే ముఖ్య క్రియకు పెద్దపీట, అవేరే అంటే తప్పనిసరికో చేతగావడానికో కోరికకో కాస్త ఎక్కువ బరువు. ‘సోనో దొవూతా పర్తీరే’ అంటే బయలుదేరడం ముందుకొస్తుంది. ‘ఓ దొవూతో పర్తీరే’ అంటే ‘ఇష్టం లేకపోయినా తప్పలేదు’ అన్న ఛాయ కొద్దిగా తోస్తుంది. మాటల్లో ఈ తేడా చాలాసార్లు మసకబారిపోతుంది.

ఇక్కడ ఒక కట్టుబాటును మాత్రం మరవకూడదు. ఈ స్వేచ్ఛ ఒక్క దిక్కునే ఉంది. ఎస్సెరే రావాల్సిన చోట అవేరే వేసుకోవచ్చు. అవేరే రావాల్సిన చోట ఎస్సెరే పెట్టడానికి వీల్లేదు. ‘సోనో దొవూతా మంజారే’ అన్నది ఏ పట్టణంలోనూ చెల్లదు. ‘సోనో దొవూతా దొర్మీరే’ (నిద్రపోవాల్సి వచ్చింది) కూడా అంతే. అవేరేకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎస్సెరే రావాలంటే వెనకున్న ముఖ్య క్రియ అనుమతి ఉండాలి.

ఈ రెండు రూపాలు ఎలా పుట్టాయో అర్థం చేసుకోవడానికి మన తెలుగే ఒక దారి చూపిస్తుంది. ‘నేను వెళ్ళలేకపోయాను, ఆమె వెళ్ళలేకపోయింది, వాళ్ళు వెళ్ళలేకపోయారు’ అంటాం. చేతకాకపోవడం ‘వెళ్ళు’లో కలిసిపోయి ఒకే మాటయింది, చివర కర్తను బట్టి మారుతోంది. అదే ‘నేను వెళ్ళాల్సి వచ్చింది, ఆమె వెళ్ళాల్సి వచ్చింది, వాళ్ళు వెళ్ళాల్సి వచ్చింది’ అన్నప్పుడు కర్త మారినా ‘వచ్చింది’ మారదు. ఎవరు వెళ్ళినా సరే, వచ్చినది అవసరం కదా! అవసరం ఒక పక్కన, వెళ్ళడం ఒక పక్కన నిలబడ్డాయి. మనకు ఒక భావానికి ఒక తీరు, ఇంకో భావానికి ఇంకో తీరు. ఇటాలియన్‌లో ఒకే భావానికి రెండు తీర్లూ ఉన్నాయి. ‘సోనో దొవూతా అందారే’లో రెండు క్రియలూ కలిసి ఒక్కటయ్యాయి. అందుకే వెళ్ళడానికి చెందిన ఎస్సెరే ముందుకొచ్చింది, భూతరూపం కర్తను చూసి ‘తా’ అయింది. ‘ఓ దొవూతో అందారే’లో రెండు క్రియలూ విడివిడిగా ఉన్నాయి. దొవేరే తన సొంత సహాయకాన్ని తెచ్చుకుంది, దాని ‘తో’ కదల్లేదు.

వాక్యంలో ఉన్నది ఒక క్రియా రెండా అన్నది ఇటాలియన్‌లో పైకే కనిపించే ఆనవాలు ఒకటుంది. అది ‘మి’, ‘సి’ లాంటి చిన్న సర్వనామం కూర్చునే చోటు.

‘నేను లేవాలి’ అనడానికి రెండు దారులున్నాయి. ‘దేవో అల్త్సార్మి’ అనవచ్చు. అప్పుడు ‘మి’ తన సొంత క్రియ తోకకే అంటుకుని ఉంది. ‘మి దేవో అల్త్సారే’ అనీ అనవచ్చు. అప్పుడు ‘మి’ లేవడాన్ని వదిలి దొవేరే ముందుకు ఎగబాకింది. తన సంసారం కాని క్రియ ముందుకు ‘మి’ ఎలా వెళ్ళగలిగింది? రెండు క్రియల మధ్య గోడ తీసేస్తేనే అది సాధ్యం. 1970ల్లో లుయీజీ రిత్సి అనే ఇటాలియన్ భాషాశాస్త్రవేత్త ఈ గోడ తీసేయడానికి ‘పునర్నిర్మాణం’ అనే అర్థమిచ్చే పేరు పెట్టి విశ్లేషించాడు. సర్వనామం ఎగబాకడమూ, సహాయక క్రియ మారడమూ ఒకే మార్పుకు రెండు ముఖాలని ఆ విశ్లేషణ సారం.

గోడ తీసేశాక వాక్యంలో ఉన్నది ఒకే క్రియ. అది ‘తనను తాను లేపుకోవడం’ కాబట్టి దాని సహాయకం ఎస్సెరే తప్ప ఇంకోటి కాలేదు. అందుకే ‘మి సోనో దొవూతా అల్త్సారే’. ‘మి’ ఎగబాకకుండా తోకనే ఉంటే గోడ ఉన్నట్టే, దొవేరే తన అవేరేతో వస్తుంది: ‘ఓ దొవూతో అల్త్సార్మి’. ఇవి రెండూ నిక్కచ్చిగా ఒప్పు. టొరీనో అమ్మాయి రాసిన ‘మి ఓ దొవూతో అల్త్సారే’లో మాత్రం ‘మి’ గోడ లేదంటుంది, ‘ఓ’ గోడ ఉందంటుంది. ఒకే వాక్యం రెండు నాల్కలతో మాట్లాడింది, స్నేహితురాలి చెవికి అది వెంటనే తగిలింది. మొదటి వాక్యంలో సర్వనామమే లేదు. గోడ ఉందో లేదో చెప్పే సాక్షి లేడు కాబట్టి ‘ఓ’ హాయిగా చెల్లిపోయింది.

ఈ సంబంధం నిజమేనా అని అనుమానమొస్తే పక్కింటి ఫ్రెంచిని చూడొచ్చు. ‘వెళ్ళాను’ అనడానికి ఫ్రెంచి కూడా ‘ఉండు’ క్రియనే సహాయకంగా వాడుతుంది. కానీ ‘వెళ్ళాల్సి వచ్చింది’ అనగానే ‘కలిగి ఉండు’ క్రియ ఒక్కటే చెల్లుతుంది, రెండో దారి లేదు. సర్వనామం కూడా ‘ఆల్సి’ క్రియ ముందుకు ఎగబాకదు, ముఖ్య క్రియ దగ్గరే ఉంటుంది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచిలో ఆ ఎగబాకడం మామూలే, తర్వాత అది పోయింది. ఫ్రెంచిలో ఇప్పుడు గోడ ఎప్పుడూ ఉంటుంది. ఇటాలియన్‌లో పెట్టాలా తీసెయ్యాలా అన్నది మాట్లాడేవారి ఇష్టం.

ఈ పరీక్ష వాడేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఎగబాకిన సర్వనామం కర్తనే సూచించాలి. ‘మి ఆ దొవూతో కియమారే’ అంటే ‘అతను నన్ను పిలవాల్సి వచ్చింది’. ఇక్కడ ‘మి’ ముందే ఉంది, అయినా అవేరేయే సరి. పిలిచింది అతను, పిలిపించుకున్నది నేను. పిలవడం మామూలు సకర్మక క్రియ. గోడ తీసేసినా ముఖ్య క్రియ అవేరేనే అడుగుతుంది.

ఇక రెండు చోట్ల చర్చకు తావు లేదు, అవేరే ఒక్కటే. ఒకటి, వెనక ముఖ్య క్రియ పైకి వినపడనప్పుడు. ‘ఎందుకు రాలేదు?’ అని అడిగితే ‘నొన్ ఓ పొతూతో’ అంటారు, అంటే ‘కుదర్లేదు’. రావడం మనసులో ఉన్నా మాటలో లేదు. యజమాని ఎదుట లేనప్పుడు సేవకుడు తన సొంత సహాయకమే వాడుకుంటాడు. రెండోది, వెనకున్నది ఎస్సెరే క్రియే అయినప్పుడు. ‘ఓర్పుగా ఉండాల్సి వచ్చింది’ అనడానికి ‘ఓ దొవూతో ఎస్సెరే పత్సియెంతే’. బడి నియమాన్ని గుడ్డిగా నమ్మితే ఇక్కడ ‘సోనో’ రావాలి, ఎందుకంటే ‘ఉన్నాను’ అనడానికి ఎస్సెరే తన్నే తాను సహాయకంగా తెచ్చుకుంటుంది. కానీ వాడుక ఒప్పుకోదు. కర్మణి వాక్యంలో కూడా ముఖ్య క్రియ ముందు ఎస్సెరే ఉంటుంది కాబట్టి అక్కడా ఇదే తీర్పు.

ఇప్పుడు మన అమ్మాయి ఇంకో సందేశం రాస్తోందనుకుందాం, ఈసారి ప్రొఫెసర్‌కు. నిన్న క్లాసుకు రాలేకపోయానని చెప్పాలి. మొదటి వాక్యం ‘ఇయేరి నొన్ సోనో పొతూతా వెనీరే ఆ లెత్సియోనే’. రావడం ఎస్సెరే పక్షం, సర్వనామం లేదు. కాబట్టి ‘నొన్ ఓ పొతూతో వెనీరే’ అన్నా తప్పు కాదు. అయితే పెద్దాయనకు రాస్తోంది కనుక పుస్తకం మెచ్చే ‘సోనో’నే ఎంచుకుంది. దానితోపాటు ‘తా’ పెట్టడం మరవలేదు.

తర్వాత కారణం. ‘ఓ దొవూతో అక్కొంపన్యారే ఉన్ అమీకా ఇన్ ఒస్పెదాలే’, స్నేహితురాలిని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. వెంటబెట్టుకు వెళ్ళడంలో కదలిక ఎంతున్నా అది సకర్మకం. అవేరే తప్ప వేరే దారి లేదు. ఇక్కడ ‘సోనో’ పెట్టి ఉంటే పెద్ద తప్పయ్యేది. ఒకపక్క ‘సోనో పొతూతా’ రాసిన చెయ్యి అదే ఊపులో ఇక్కడా ‘సోనో’ రాసేస్తుంది. నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా జారేది ఇలాంటి చోటే.

మధ్యాహ్నం ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది, ఇద్దరూ అమ్మాయిలే: ‘చి సియామో దొవూతే తొర్నారే’. ఈ ‘చి’ అంటే ‘అక్కడికి’. కర్తను సూచించకపోయినా ఇది కూడా ఎగబాకే సర్వనామమే. అది ముందుకొచ్చిందంటే గోడ లేదన్నట్టే, తిరిగి వెళ్ళడానికి ఎస్సెరే కాబట్టి ‘సియామో’ వచ్చింది. అవేరే కావాలనిపిస్తే ‘చి’ని తోకకు పంపి ‘అబ్బియామో దొవూతో తొర్నార్చి’ అంటే నున్నగా ఉంటుంది. ‘చి’ని ముందుంచి అవేరే పెడితే చెవికి గరుగ్గా ఉంటుంది.

ఇక ఫోన్ చెయ్యలేదేమన్న ప్రశ్నకు జవాబు. ‘వొలేవో తెలెఫొనారే, మా నొన్ ఓ పొతూతో’, అంటే ‘చేద్దామనుకున్నాను, కానీ కుదర్లేదు’. ముఖ్య క్రియ వెనక లేదు కాబట్టి ‘ఓ’.

చివరి వాక్యం క్షమాపణ: ‘సరేయి దొవూతా వెనీరే’. ఇది ‘రావాల్సి వచ్చింది’ కాదు, ‘రావాల్సింది’. అంటే రావడం ధర్మం, కానీ రాలేదు. తెలుగులో ‘వచ్చి’ ఉన్నా లేకపోయినా అర్థం తలకిందులైనట్టే, ఇటాలియన్‌లో సహాయక క్రియ ‘సోనో’ నుంచి ‘సరేయి’కి మారగానే అర్థం తలకిందులవుతుంది. సహాయకాన్ని ఎంచుకునే పద్ధతి మాత్రం ఇదే. ‘అవ్రేయి దొవూతో వెనీరే’ అన్నా ఒప్పే.

చివరగా చివరి అక్షరం సంగతి. ఎస్సెరే వేసి అమ్మాయి ‘తో’ అంటే, ‘నేను వచ్చాడు’ అన్నంత కాకపోయినా, మాట్లాడింది మగవాడా అన్న అనుమానం వస్తుంది. అవేరే వేసి ‘ఓ దొవూతా అందారే’ అంటే ఇంకో రకం తప్పు, ఒక తీరు సహాయకానికి ఇంకో తీరు తోక అతికించినట్టు. అవేరేతో ‘తో’ మారే సందర్భం ఒకటుంది. కర్మ సర్వనామమై ముందుకు ఎగబాకితే భూతరూపం ఆ కర్మను అనుసరిస్తుంది. ‘ఉత్తరాలను నేనే రాయాల్సి వచ్చింది’ అనడానికి ‘లే ఓ దొవూతే స్క్రీవెరే’. ఉత్తరం ఇటాలియన్‌లో స్త్రీలింగం, ఉత్తరాలు చాలా ఉన్నాయి కాబట్టి ‘తే’. అక్కడ ‘తే’ చెప్పేది రాసినవారి సంగతి కాదు, ఉత్తరాల సంగతి.

మొదటి సందేశానికి తిరిగి వద్దాం. స్నేహితురాలు పుస్తకం చదివి దిద్దలేదు. ‘మి’ ముందు కనబడగానే ఆమె చెవి ‘ఇది ఒక్క క్రియ’ అని తీర్మానించుకుని ‘సోనో’ కోసం ఎదురుచూసింది. ‘ఓ’ రాగానే ఉలిక్కిపడింది. అమ్మాయి ఇక ముందు నోరు విప్పేటప్పుడు పుస్తకంలోని ఎస్సెరే క్రియల జాబితా అంతా తలుచుకోనక్కర్లేదు. సందేహంగా ఉంటే ‘మి’ని తోకకు పంపి, ‘ఓ’తో మొదలుపెట్టి, ‘ఓ దొవూతో అల్త్సార్మి’ అంటే చాలు. తెలుగులో ‘లేవాల్సి వచ్చింది’ అంటూ అవసరాన్ని ఒక పక్కన నిలబెట్టి చెప్పే అలవాటున్న నోటికి ఆ తీరే దగ్గర.